జనవరి నష్టం, మే నెల దడ

పంట పోయింది జనవరిలో. గుండె దడ మొదలైంది మే నెలలో. సైకాలజిస్టు తన కాగితం మీద ఈ రెండు నెలల పేర్లూ రాసుకొని, వాటి మధ్య మిగిలిన ఖాళీ చోటు కింద పెన్సిలుతో ఒక గీత గీసింది. నేను చూపించాలనుకున్న పనితనం ఆ గీతలోనే ఉంది. అప్పులపాలై మనసు చెదిరిందని ఊరంతా ఒక్క మాటతో తేల్చేసింది. మరి మధ్యలో నాలుగు నెలలు ఆ రైతు బాగానే ఎలా ఉన్నాడని అడిగింది ఆమె ఒక్కతే.

ముందే ఒక మాట చెప్పాలి. ఇక్కడి రైతు ఫలానా మనిషి కాడు. సత్తెనపల్లి, నరసరావుపేట, పర్చూరు వైపు పత్తీ మిరపా వేసే ఊళ్లలో కనిపించే పరిస్థితుల్ని కూర్చి, పని ఎలా సాగుతుందో చూపడానికి కట్టిన నమూనా. ఆ సైకాలజిస్టూ అంతే. వాళ్ల వెనకున్న సంగతులు మాత్రం నిజమైనవి. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పువ్వుల్లో చేరి పూతంతా రాల్చేసింది. అంతకు ఒక తరం ముందు, 1987-88లో, తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసింది. పురుగు మందులు ఎక్కువై మిత్రపురుగులు చచ్చిపోతే దోమ మరింత పెరిగిన ఏడాది అది. పత్తి రైతుల ఆత్మహత్యలు ఈ జిల్లాల నుంచి పెద్ద వార్తగా బయటికొచ్చింది అప్పుడే. ఈ రెండు సంవత్సరాలూ మన రైతు జీవితంలో ఎక్కడెక్కడ తగులుకున్నాయో పట్టుకోవడమే ఈ కథలో అసలు పని.

ఆయనకి 44 ఏళ్లు. సొంతానికి ఒక ఎకరం, కౌలుకి నాలుగెకరాలు. భూమి యజమాని సంతకం పెట్టకపోవడంతో కౌలు కార్డు రాలేదు. కార్డు లేదు కాబట్టి బ్యాంకు అప్పూ లేదు. పెట్టుబడంతా బయటి నుంచే తెచ్చాడు. మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు దగ్గర మూడు లక్షలు, ఊళ్లో వడ్డీకిచ్చే ఆయన దగ్గర లక్షా అరవై రెండు వేలు, పురుగు మందుల షాపులో 38 వేలు, మొత్తం ఐదు లక్షల బాకీ తేలింది. జులై నెలలో చెల్లెలు ఆయన్ని జిల్లా ఆసుపత్రికి తీసుకొచ్చింది. గుండె దడదడలాడుతుందంటాడు, ఊళ్లోకి పోబుద్ధి కాదంటాడు, రాత్రి రెండింటికి మెలకువొస్తే మళ్లీ కునుకు పట్టదంటాడు. ఈసీజీ బాగుంది. థైరాయిడ్ బాగుంది. రక్తం తక్కువ లేదు. డాక్టరు డిప్రెషన్, ఆందోళన అని రాసి, మందు మొదలుపెట్టి, సైకాలజిస్టు గదికి పంపాడు.

డాక్టరు రాసింది జబ్బు పేరు. ఆ పేరు అవసరం. ఏ మందు ఇవ్వాలో, ఎంత ప్రమాదముందో అది చెబుతుంది. కానీ అదే పేరు పక్క మంచం మీది కాలేజీ అమ్మాయికీ ఉంటుంది, రిటైరైన మాస్టారికీ ఉంటుంది. ఈ మనిషికే ఎందుకు, ఇప్పుడే ఎందుకు, ఈ రూపంలోనే ఎందుకు, ఇన్నాళ్లయినా ఎందుకు తగ్గట్లేదు అనే నాలుగు ప్రశ్నలకి జబ్బు పేరులో జవాబు దొరకదు. ఆ జవాబుని ఊహగా కట్టి, కాగితం మీద పెట్టి, నిజమో కాదో పరీక్షించడాన్ని కేస్ ఫార్ములేషన్ అంటారు. లండన్‌లో 1950ల నుంచి కొందరు సైకాలజిస్టులు ఒక్కో మనిషినీ ఒక్కో ప్రయోగంలా చూడడం మొదలుపెట్టారు. ఆ దారిలోనే పెరిగి, 1980లకి ఈ పేరు స్థిరపడింది. 1989లో జాక్వెలిన్ పర్సన్స్ రాసిన పుస్తకం దాన్ని రోజువారీ చికిత్సలోకి తెచ్చింది. విద్యార్థులకి దీన్ని ఐదు గళ్లుగా నేర్పిస్తారు. ఇప్పటి బాధ, దానికి ఎప్పటి నుంచో ఉన్న పునాది, దాన్ని రగిల్చిన ఘటన, ఆరిపోకుండా ఎగదోస్తున్నవి, మనిషిని కాపాడుతున్నవి. గళ్లు నింపడం ఎవరైనా నేర్చుకోగలరు. ఒక గడిలో రాసిన మాటకీ ఇంకో గడిలోని మాటకీ మధ్య బాణం గీయడానికి మాత్రం చెయ్యి తిరిగి ఉండాలి.

మొదటి రోజు మన సైకాలజిస్టు ఏ బాణమూ గీయలేదు. ఆ రోజు తేల్చుకోవలసింది వేరే ఉంది. చచ్చిపోదామన్న ఆలోచన వస్తుందా అని సూటిగా అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అది నిజం కాదు, అడిగితే మనిషికి బరువు దిగుతుంది. ఆయన తల వంచుకొని, "అప్పుడప్పుడూ వస్తందమ్మా" అన్నాడు. పోయిన పంటకి మిగిలిన మందు డబ్బాలు ఇంట్లో వసారా మూల ఉన్నాయని తేలింది. ఆ సాయంత్రమే చెల్లెలు వాటిని తన ఇంటికి తీసుకెళ్లి పెట్టెలో పెట్టి తాళం వేసేలా మాట తీసుకుంది. మర్నాడు ఫోన్ చేసి వేశారో లేదో కనుక్కుంది. ఆ ఆలోచన గట్టిగా వచ్చే క్షణాలు తరచు కొద్దిసేపే ఉంటాయి, ఆ కాస్సేపూ మందు డబ్బా చేతికి అందకపోతే చాలా ప్రాణాలు నిలుస్తాయి. రాత్రిపూట అవసరమైతే తెలుగులోనే మాట్లాడవచ్చని ఒక హెల్ప్‌లైన్ నంబరు రాసిచ్చింది; ఇప్పుడైతే 14416 కి, అంటే టెలి మానస్‌కి, చేయవచ్చు. విశ్లేషణ ఎంత అందంగా వచ్చినా ఈ పని తర్వాతే. ఈ వరస తప్పినవాళ్ల పనితనాన్ని నేను మెచ్చుకోలేను.

ఇక తేదీల సంగతి. మొదటి రోజే ఆమె ఒక పొడుగు గీత గీసి దాని మీద పంట పనుల ప్రకారం కాలాన్ని గుర్తుపెట్టింది. నారు పోసింది ఎప్పుడు, నాటింది ఎప్పుడు, పూత రాలింది ఎప్పుడు, కళ్లంలో కాయ ఆరబోసింది ఎప్పుడు. రైతుని ఏ నెలలో అని అడిగితే తడుముకుంటాడు. ఏ కోతకి అని అడిగితే ఠక్కున చెబుతాడు. ఆ గీత మీద దడని ఎక్కడ పెట్టాలని అడిగితే, ఆయన వేలు కోతలన్నీ దాటి, ఎండల్లోకి, పెళ్లిళ్ల కాలంలోకి వెళ్లి ఆగింది.

ఈ ఒక్క వివరంతో ఒక అనుమానం తీరిపోయింది. మిరప మీద వారానికోసారి మందు కొట్టే మనిషికి దడ, చెమటలు, నీరసం వస్తే మొదట అనుమానించాల్సింది ఆ మందునే. పురుగు మందు ఒంటికెక్కితే ఇలాంటి లక్షణాలే వస్తాయి. కానీ అవి మందు కొట్టిన గంటల్లో మొదలవుతాయి, వాటితోపాటు నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం ఉంటాయి. ఈయన ఆఖరిసారి మందు కొట్టింది జనవరిలో. మే నెల దడకి ఆ మందు కారణం కాజాలదు. కాలాన్ని పంటతో ముడిపెట్టి గీసింది కాబట్టే ఇది ఒక్క చూపులో కనపడింది.

"మరి జనవరిలో పూత రాలినప్పుడు ఎట్లా ఉన్నారు?" అని అడిగింది.

"ఏముందమ్మా, ఊరంతా పోయింది. నాదొక్కడిదేనా? పొద్దున్నే అందరం రచ్చబండ కాడ కూచొని ఇదే మాట్లాడుకొనేవాళ్లం."

కేసు తిరిగిన మలుపు ఇదే. నష్టం ఊరందరిదీ అయినప్పుడు ఆయన నిలబడ్డాడు. మే నెలలో అది ఆయనొక్కడిదే అయింది. చుట్టాల పెళ్లిలో భోజనాల బంతిలో కూర్చున్నాడు. వడ్డీకిచ్చిన పెద్దమనిషి అటుగా వస్తూ, "ఏమయ్యా, పెళ్లిళ్లకి తిరగడానికి తీరికుంటది గానీ మా సంగతి చూడవేంది?" అన్నాడు, బంతిలో అందరికీ వినపడేలా. ఎవరో నవ్వారు. ఈయన విస్తరి ముందు నుంచి లేవలేకపోయాడు, తినలేకపోయాడు. మర్నాడు పాలకేంద్రానికి పోతుంటే మొదటిసారి దడ వచ్చింది. రగిల్చిన ఘటన పంట నష్టం కాదు, నలుగురిలో పోయిన మాట. పైకి చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, చికిత్స ఎటు పోవాలో ఈ తేడానే తేల్చేస్తుంది. నష్టమే కారణమైతే సైకాలజిస్టు చేతిలో ఏమీ లేదు. సిగ్గు కారణమైతే చేయగలిగింది చాలా ఉంది.

రెండో రోజు ఆమె ఒకే ఒక్క రోజు గురించి అడిగింది. "పోయిన మంగళవారం ఏం జరిగిందో చెప్పండి, నిద్ర లేచిన దగ్గర నుంచి." మామూలుగా ఎలా ఉంటుందని అడిగితే మనుషులు అభిప్రాయాలు చెబుతారు. ఒక ఫలానా రోజు గురించి అడిగితే జరిగింది చెబుతారు. ఐదింటికి లేచి గేదెకి మేతేశాడు. ఎనిమిదింటికి తౌడు కోసం సెంటర్‌కి బయల్దేరాడు. రచ్చబండ మలుపు దగ్గర కమీషన్ ఏజెంటు గుమాస్తా బండి ఆగి ఉండడం చూశాడు. గుండె కొట్టుకుంది, అరచేతులు చెమర్చాయి. వెనక్కి తిరిగి, కాలవ కట్ట మీదుగా చుట్టూ తిరిగి ఇంటికొచ్చాడు. ఫోన్ ఆపేసి పడుకున్నాడు. తౌడేదని భార్య అడిగితే కసురుకున్నాడు. రాత్రి క్వార్టర్ తాగి పడుకుంటే రెండింటికి మెలకువ. అప్పటి నుంచి తెల్లవారేదాకా లెక్కలు.

చాలామంది ఇక్కడ గుండె కొట్టుకున్న క్షణం దగ్గరే ఆగిపోతారు. ఆమె ఆ తర్వాతి క్షణం దగ్గర ఆగింది. "ఇంటికొచ్చి పడ్డాక ఎట్లా అనిపించింది?"

"ప్రాణం లేచొచ్చినట్టయిందమ్మా."

ఆయన్ని కుదేలు చేస్తున్నది ఆ హాయే. కాలవ కట్ట ఎక్కిన ప్రతిసారీ భయం చటుక్కున దిగుతుంది. దిగిందని మళ్లీ అదే దారి పడతాడు. ఆ మలుపు దాటి వెళ్లి ఉంటే ఏం జరిగేదో ఆయనకి ఎన్నటికీ తెలియదు, కాబట్టి వెళ్తే పరువు పోతుందన్న నమ్మకానికి ఎదురే ఉండదు. ఈలోపు ఫోన్ ఎత్తని మనిషి కోసం అప్పులవాళ్లు ఇంటికే వస్తారు. అది చూసి భయం ఇంకా పెరుగుతుంది. మే నెలలో పెళ్లి బంతిలో పుట్టిన భయానికి జులైలో కొత్త అవమానాలేవీ అక్కర్లేదు. తప్పించుకోవడం అనే ఒక్క పనితో అది తన మేత తానే సంపాదించుకుంటోంది. మొదలుపెట్టినది వేరు, నిలబెడుతున్నది వేరు అని విడదీసి చూడడమే ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన మెళకువ. మొదలుపెట్టినదాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. నిలబెడుతున్నది మాత్రం ప్రతి మంగళవారం మన కళ్ల ముందే జరుగుతుంటుంది.

ఆమె మరో దారి కూడా మూసి చూసుకుంది. దడ, చెమట, పారిపోవడం అనగానే పానిక్ జబ్బు గుర్తొస్తుంది. 1986లో డేవిడ్ క్లార్క్ చెప్పిన ప్రకారం పానిక్‌లో మనిషి గుండె దడనే చూసి, చచ్చిపోతున్నానని భయపడతాడు. అలాగైతే దడ ఎక్కడొచ్చినా భయమే వేయాలి. గడ్డి మోపు నెత్తిన పెట్టుకొని కాలవ గట్టెక్కేటప్పుడు గుండె కొట్టుకోదా అని అడిగింది. "కొట్టుకుంటది. అది పని చేసినందుకమ్మా" అన్నాడు, అదేం ప్రశ్నన్నట్టు. ఈయన గుండెకి భయపడట్లేదు, కళ్లకి భయపడుతున్నాడు. ఇలాంటి ఒక్క ప్రశ్నతో ఒక మొత్తం వివరణని పక్కన పెట్టేయడం చూస్తే, మిర్చి యార్డులో చేయి తిరిగిన మనిషి గుప్పెడు కాయ తీసి తాలు ఎంతుందో చెప్పేయడం గుర్తొస్తుంది.

బాల్యం సంగతి మూడో రోజుకి గానీ రాలేదు. ఆమె చిన్నతనం గురించి చెప్పమని అడగలేదు. "ఇట్లా మొహం తప్పించుకొని తిరిగేవాళ్లని ఇంతకు ముందు ఎక్కడైనా చూశారా?" అని అడిగింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. తెల్లదోమ వచ్చిన ఏడాది ఆయనకి తొమ్మిదేళ్లు. పత్తి పోయింది. బాకీవాళ్లు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్లు. తండ్రి లోపలి గదిలో తలుపు వెనక నిలబడితే, తల్లి ఈ పిల్లవాణ్ణి బయటికి పంపేది. "నాన్న ఊళ్లో లేడు" అని చెప్పడం వాడి పని. తర్వాత రెండెకరాలు అమ్మారు. తండ్రి ఎవరితోనూ సరిగా మాట్లాడకుండానే పోయాడు.

ఆ అరుగు మీద పిల్లవాడు ఏం నేర్చుకున్నాడో ఆమె తన మాటల్లో రాయలేదు, ఆయన్నే చెప్పమంది. "బాకీ ఉన్నోడు మొహం చూపకూడదు." అదే వాక్యం, అదే యాసలో, కాగితం మధ్యలో రాసింది. పుస్తకంలో అయితే దీన్ని మూల విశ్వాసమనో, జీవిత నియమమనో అంటారు. ఆ పేరు పెడితే వాక్యం ఆయన చేతిలోంచి ఆమె చేతిలోకి పోతుంది. తనదిగా ఉంటేనే దాంతో ఆయన తర్కించగలడు. బాధని ఆ మనిషి మాటల్లోనే, వాళ్ల మనుషులు దాన్ని ఏమంటారో అడిగి మరీ రాసుకోవాలని 2013లో వచ్చిన అమెరికా వాళ్ల డీఎస్ఎం-5 కూడా పదహారు ప్రశ్నలు ఇచ్చింది. మంచి పనివాళ్లు అంతకు ముందూ అలాగే చేసేవాళ్లు.

ఈ వాక్యం గురించి ఆమె చేసిన ఇంకో మంచి పని, దాన్ని జబ్బుగా చూడకపోవడం. ఇరవై ఏళ్లపాటు ఆ నియమమే ఆయన్ని నిలబెట్టింది. మొహం చూపలేని రోజు రాకూడదని చెప్పిన రోజుకి డబ్బు కట్టేవాడు. కట్టాడు కాబట్టే కార్డు లేకపోయినా, నోటి మాట మీదే ఏజెంటు మూడు లక్షలిచ్చాడు. పంట పండినన్నాళ్లూ ఆ నియమం బలం. పండని ఏడాది అదే ఆయన్ని తలుపు వెనక్కి తోసింది. పునాది గడిలో ఉన్న వాక్యాన్నే ఆమె కాపాడే గడిలోనూ రాసింది. గళ్లు విడివిడిగా నింపేవాళ్లకి ఈ రెండో చోటు తట్టదు.

భార్యతో మాట్లాడినప్పుడు ఆ కాగితానికి చివరి ముక్క దొరికింది. ఇంటికొచ్చినవాళ్లకి ఎవరు జవాబు చెబుతారని అడిగితే, "మా పిల్లోడే చెబుతాడండి, నాన్న లేడని" అంది. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఎవరూ వాడికి నేర్పలేదు. ఆ మాట వినగానే రైతు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆమె వెంటనే ఏమీ అనలేదు. వ్యాఖ్యానం చేయకుండా ఊరుకోవడం కూడా ఈ పనిలో భాగమే. ఆ క్షణంలో, చూశారా, మీ నాన్నలాగే మీరూ, అని అని ఉంటే బొమ్మ పూర్తయ్యేది, మనిషి విరిగిపోయేవాడు. తమ బాధ మొత్తం ఒక చిత్రంగా ఒక్కసారిగా ముందు పెడితే కొందరికి దిగులు ఇంకా పెరిగిందని పరిశోధనల్లోనూ తేలింది. ఆమె ఆ బాణాన్ని వారం ఆగి, ఆయనే అన్నాక గీసింది.

ఇంతవరకూ అంతా చక్కగా కుదిరినట్టుంది. అందుకే ఇక్కడ జాగ్రత్తపడాలి. కుదిరిన కథ నిజమైన కథ కానక్కర్లేదు. ఆమె మొదటి చిత్రంలో ఒక బాణం తప్పు. అప్పులవాళ్లు వచ్చిన రోజున ఆయన తాగుతాడని ఊహించి గీసింది. తర్వాత చిన్న నోటు పుస్తకంలో పద్నాలుగు రోజులపాటు రోజుకి మూడు గళ్లు నింపమంది: ఎవరొచ్చారు, ఎవరు ఫోన్ చేశారు, రాత్రి తాగారా. ఆయనకి లెక్క రాయడం అలవాటు కాబట్టి నిక్కచ్చిగా రాశాడు. తాగింది ఆరు రాత్రులు. వాటిలో అప్పులవాళ్లు వచ్చిన రోజు ఒక్కటే. నాలుగు రాత్రులు మాత్రం గుంటూరులో ఇంజినీరింగ్ చదివే కూతురు ఫోన్ చేసిన రోజులు. ఆ అమ్మాయి ఫీజు గురించి అడగడం కూడా లేదు, ఎలా ఉన్నావు నాన్నా అని అడుగుతోంది. బాగున్నానమ్మా అని పెట్టేసి, ఆ రాత్రి తాగుతున్నాడు. ఆమె పాత బాణాన్ని చెరిపేసి కొత్తది గీసింది. సిగ్గు ఊరి ముందరే కాదు, కూతురి ముందర ఇంకా ఎక్కువ. ఎత్తని ఫోన్ల సంగతి ఎంత ముఖ్యమో, ఎత్తి అబద్ధం చెప్పిన ఫోన్ సంగతీ అంతే ముఖ్యం. తాగుడు మానమని చెప్పడం కన్నా, వారంలో ఒక్కసారి కూతురికి ఒక్క నిజం చెప్పడం ఎక్కువ పనికొస్తుందని ఆ కొత్త బాణం చెప్పింది. నిద్ర కోసం తాగిన మందే అర్ధరాత్రి దాటాక నిద్ర చెడగొడుతుందని విడిగా చెప్పి, ఆ చిన్న చక్రాన్ని కాగితం మూలన గీసి వదిలేసింది.

అసలు పరీక్ష బయట జరగాలి. వివరణ నిజమైతే, అడగకముందే తనంతట తాను వెళ్లి మొహం చూపిస్తే భయం తగ్గాలి. తప్పైతే తగ్గదు, లేదా పెరుగుతుంది. అందరికన్నా తక్కువ బాకీ ఉన్న పురుగు మందుల షాపు ఎంచుకున్నారు. నలుగురిలో తిడతాడని, నిలబడలేనని నూటికి తొంభై పాళ్లు అనుకుంటున్నానని వెళ్లే ముందు ఆయనే రాశాడు. లెక్కల పుస్తకం చంకలో పెట్టుకొని వెళ్లాడు. షాపాయన మర్యాదగానూ లేడు, తిట్టనూ లేదు. ఎప్పుడిస్తావన్నాడు, దసరాకి కొంత అంటే డైరీలో రాసుకున్నాడు. అంతే. రెండో వారం వడ్డీ పెద్దమనిషి దగ్గరికి. ఆయన నిజంగానే తిట్టాడు, అదీ ఇద్దరు ముగ్గురు వింటుండగా. కానీ మన రైతు తిరిగొచ్చేటప్పుడు కాలవ కట్ట ఎక్కలేదు, రచ్చబండ మీదుగానే వచ్చాడు. తిట్టరని తేలడం కన్నా, తిట్టినా నిలబడగలనని తేలడం గట్టి రుజువు. మొదటి ఊహలో ఉన్నది సరిగ్గా ఇదే. జనం మంచివాళ్లని ఆమె ఎక్కడా రాయలేదు.

ఈ విద్యని ఇంత మెచ్చుకుంటూ దాని హద్దులు చెప్పకపోతే అన్యాయం. ఒకే కేసు వీడియో పలువురు చికిత్సకులకి చూపిస్తే, బాధలేమిటన్న దాంట్లో వాళ్లు చాలావరకు ఏకీభవిస్తారు. లోపలున్న నమ్మకం ఏమిటన్న దాంట్లో మాత్రం అంతగా కలవరు. 1992లో జర్మనీలో ఫోబియా ఉన్నవాళ్ల మీద చేసిన ఒక పరిశోధనలో, ఒక్కొక్కరికీ విడిగా ఆలోచించి కట్టిన చికిత్స కన్నా అందరికీ ఒకే పద్ధతిలో ఇచ్చిన చికిత్సే బాగా పనిచేసింది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. సూటి జబ్బుకి సూటి మందు ఉన్నప్పుడు, కథ అల్లుతూ కూర్చోవడం కాలహరణం. ముగ్గురు అప్పులవాళ్లు, ఒక కూతురు, ఒక చనిపోయిన తండ్రి, ఒక క్వార్టర్ సీసా కలగలిసిన చోట మాత్రం ఏది ముందు పట్టుకోవాలో చెప్పడానికి ఈ కాగితం కన్నా మంచి సాధనం నాకు తెలియదు. చెడ్డ ఫార్ములేషన్‌ని గుర్తుపట్టడానికి నేనొక పరీక్ష పెట్టుకున్నాను. పేరు చెరిపేసి పక్కింటి రైతుకి తగిలిస్తే సరిపోతుందా? అప్పులు, తాగుడు, కుటుంబ కలహాలు అని పోలీసు పంచనామాలో రాసే ముక్క అందరికీ సరిపోతుంది. అందుకే అది ఎవరికీ పనికిరాదు. ఇంకో పరీక్ష, ఏం జరిగితే ఇది తప్పని ఒప్పుకుంటారని రాసినవాళ్లని అడగడం. జవాబు లేకపోతే అది వివరణ కాదు, ఆ మనిషి మీద వేసిన ముద్ర.

ఆ కాగితం మీద, అన్ని బాణాలకీ బయట, పైన ఒక గడి ఉంది. అందులో ఆమె రాసినవి: కౌలు కార్డు లేదు, పంట బీమా రాలేదు, యజమాని సంతకం పెట్టడు. ఆ గడిలోంచి కిందికి బాణాలు గీసింది గానీ కింది నుంచి పైకి ఒక్కటీ గీయలేదు. ఆయన ఆలోచనల వల్ల కార్డు రాకుండా పోలేదు. కష్టాన్నంతా రైతు తలలోకి తోసేసే వివరణలు రాసేవాళ్లు ఈ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మండల కార్యాలయంలో ఎవరిని కలవాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో ఆసుపత్రి సోషల్ వర్కరు విడిగా రాసిచ్చింది. అదీ చికిత్సలో భాగంగానే ఫైల్లో చేరింది.

తొమ్మిదో వారం ఫైల్లో ఉన్నవి ఇవి. షాపుకి పది వేలు కట్టాడు, అసలు బాకీ ఇంకా నాలుగు లక్షల తొంభై వేలు ఉంది. ఫోన్ ఆపట్లేదు. తాగింది రెండు వారాల్లో ఒక్క రాత్రి. ఇంటికెవరన్నా వస్తే కొడుకు లోపలికొచ్చి పిలుస్తున్నాడు, ఈయన అరుగు మీదికి వెళ్లి మాట్లాడుతున్నాడు. మందు డబ్బాలు చెల్లెలింట్లోనే, తాళం వేసిన పెట్టెలోనే ఉన్నాయి. తౌడుకి సెంటర్ మీదుగానే వెళ్లొస్తున్నాడు.